పసిబిడ్డ గోళ్లు, తలస్నానం, చెవి, ముక్కు: ఎంతవరకు శుభ్రం చేయాలి?

బిడ్డను ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన వారంలోపే బుగ్గ మీద సన్నని ఎర్రగీత ఒకటి కనిపిస్తుంది. దోమ కుట్టలేదు, ఎవరూ గిచ్చలేదు. బిడ్డ తన గోటితో తానే గీసుకున్న గాటు అది. గోళ్లు తీద్దామంటే తల్లికి భయం, అమ్మమ్మకు చత్వారం. బిడ్డేమో పిడికిలి విప్పదు. ఇక నెత్తి మీద నీళ్లు పడగానే కెవ్వుమంటుంది, ముక్కు తుడవబోతే తల అటూ ఇటూ తిప్పేస్తుంది. బిడ్డ ఇలా ఎందుకు చేస్తుందో తెలిస్తే ఏ పని ఎలా చేయాలో, ఏ పని అసలు చేయనక్కరలేదో కూడా తేలుతుంది.

గర్భంలో సుమారు పదో వారం నుంచే వేళ్ల మీద గోళ్లు ఏర్పడడం మొదలవుతుంది. ముప్పై రెండో వారం నాటికి చేతి గోళ్లు వేలి కొసను చేరతాయి. కాలి గోళ్లకు మరో నెల పడుతుంది. అంటే నెలలు నిండి పుట్టిన బిడ్డ చేతి గోళ్లు పుట్టేటప్పటికే కొసను దాటి ఉంటాయి. నెలలు నిండాక కూడా కొన్ని రోజులు ఆగి పుట్టిన బిడ్డల్లో ఇంకా పొడవుగా కనిపిస్తాయి. అంత మెత్తటి గోరు చర్మాన్ని ఎలా కోస్తుందన్నది చాలామందికి వచ్చే సందేహం. కొత్త నోటు అంచు వేలిని కోసినట్టే ఇది కూడా కోస్తుంది. కోత పడేది గట్టిదనం వల్ల మాత్రమే కాదు. అంచు పల్చగా ఉంటే కొద్దిపాటి బలం కూడా చాలా చిన్న వైశాల్యం మీద పడి, పీడనం ఎక్కువవుతుంది. పైగా మెత్తటి గోరు వంగి చిరుగుతుంది కాబట్టి దాని అంచు నునుపుగా ఉండదు, చిన్న రంపంలా ఉంటుంది. పుట్టిన తొలి వారాల్లో చేతులు బిడ్డ అదుపులో ఉండవు. అవి ముఖం మీదికి ఎప్పుడు వస్తాయో, ఎంత వేగంగా వస్తాయో ఆ బిడ్డకే తెలియదు.

గోరు రోజుకు దాదాపు 0.1 మిల్లీమీటరు పెరుగుతుంది. వారానికి 0.7 మిల్లీమీటరు అన్నమాట. పెద్దవాళ్ల వేలి మీద ఇది లెక్కలోకి రాదు. పసివేలి మీద మాత్రం ఒక వారం పెరుగుదల చాలు, గీతలు పడటానికి. అందుకే చేతి గోళ్లను వారానికోసారి చూడాలి. కాలి గోళ్లు నెమ్మదిగా పెరుగుతాయి, నెలకు ఒకటి రెండు సార్లు సరిపోతుంది. కాలి గోళ్లు గరిటెలా లోపలికి వంగి, చర్మంలోకి దిగబడినట్టు కనిపించడం చూసి కొందరు కంగారు పడతారు. చుట్టూ ఎరుపు, వాపు లేకపోతే అది పసిపిల్లల గోరు సహజ రూపమే. వాటిని తవ్వి బయటికి తీయకూడదు.

గోరు తీసేటప్పుడు పొరపాటు జరిగేది ఒకే ఒక చోట. పెద్దవాళ్ల గోటి కొస చర్మం నుంచి విడిపోయి, కింద కాస్త ఖాళీతో ఉంటుంది. పసిబిడ్డకు ఆ ఖాళీ ఉండదు. వేలి కొస చర్మం గోటి అడుగుకు దాదాపు అంచు వరకు అంటుకునే ఉంటుంది. గోరు కూడా పారదర్శకంగా ఉండటంతో గోరు ఎక్కడ ఆగిందో, చర్మం ఎక్కడ మొదలైందో కంటికి తెలియదు. నెయిల్ కట్టర్ పెట్టి నొక్కితే గోటితో పాటు చర్మపు కొస కూడా తెగుతుంది. కాబట్టి మొదటి మూడు నాలుగు వారాలు అసలు కత్తిరించకుండా, మెత్తటి గరుకుదనం ఉన్న నెయిల్ ఫైల్‌తో అంచును రాయడమే క్షేమం. ఒక్కో గోటికి నాలుగైదు సార్లు, ఒకే దిశలో రాస్తే చాలు. ముందుకూ వెనక్కూ రంపంలా రాస్తే పల్చటి గోరు పొరలుగా చీలుతుంది.

కత్తిరించక తప్పనప్పుడు పసిపిల్లల కోసమే చేసిన చిన్న కట్టర్ గానీ, మొనలు గుండ్రంగా ఉన్న చిన్న కత్తెర గానీ వాడాలి. ముందు చేతులు, పనిముట్టు సబ్బుతో కడిగి ఆరనివ్వాలి. బిడ్డ వేలిని బొటనవేలు, చూపుడు వేలి మధ్య పట్టుకుని, వేలి కొసలోని మెత్తటి కండను కిందికీ వెనక్కీ నొక్కాలి. అప్పుడు అంటుకున్న చర్మం గోటి నుంచి కాస్త దూరం జరుగుతుంది. ఈ ఒక్క మెళకువ ఉంటే గాయాలు చాలావరకు తప్పుతాయి. చేతి గోరును వేలి వంపు వెంట, కాలి గోరును తిన్నగా కత్తిరించాలి. ఒకే నొక్కుడులో మొత్తం తీసేయాలని చూడకుండా రెండు మూడు చిన్న కత్తిరింపులుగా తీయాలి. గోరు చివర తెల్లటి అంచు సన్నగా మిగిలే దగ్గర ఆగిపోవాలి. మిగిలిన కోసును ఫైల్‌తో నునుపు చేస్తే సరి.

పిడికిలి విప్పించడం ఇంకో సమస్య. అరచేతికి ఏది తగిలినా వేళ్లు ముడుచుకోవడం పసిబిడ్డకు పుట్టుకతో వచ్చే ప్రతిచర్య. ఐదారు నెలల వరకు ఉంటుంది. బిడ్డ అరచేతిలో మన వేలు పెట్టి పిడికిలి విప్పాలని చూస్తే అది మరింత బిగుస్తుంది, మొండితనం వల్ల కాదు. మెలకువగా ఉన్న బిడ్డతో ఈ పోరాటం ఎందుకు? పాలు తాగి కడుపు నిండుతున్న కొద్దీ పిడికిలి దానంతటదే వదులవుతుంది. గాఢనిద్రలోనూ అంతే. నిద్ర గాఢమైందో లేదో తెలుసుకోవాలంటే చేతిని కాస్త పైకెత్తి వదిలితే చాలు, అది బరువుగా కింద వాలిపోవాలి. కనురెప్పల కింద కళ్లు కదులుతుంటే, పెదవులు ఆడుతుంటే ఇంకాసేపు ఆగాలి. పది వేళ్లూ ఒక్కసారే పూర్తి కావాలని నియమమేమీ లేదు. ఇవాళ కుడి చేయి, రేపు ఎడమ చేయి అనుకున్నా నష్టం లేదు.

తెగితే ఏం చేయాలి? వేలి కొసలో సన్నటి రక్తనాళాలు కిక్కిరిసి ఉంటాయి. చిన్న గాటుకే భయపడేంత రక్తం కనిపిస్తుంది. శుభ్రమైన గుడ్డను తడిపి తుడిచి, పొడి గాజు గుడ్డతో రెండు మూడు నిమిషాలు నొక్కి పట్టుకోవాలి. ఆగిందా లేదా అని మధ్యలో తీసి చూస్తే గడ్డకట్టడం మొదలైన రక్తం మళ్లీ కదిలిపోతుంది. పసుపు, పౌడరు, కాఫీపొడి పెట్టకూడదు. అవి శుభ్రమైనవన్న హామీ లేదు. బ్యాండేజీ కూడా వద్దు, బిడ్డ వేలు నోట్లో పెట్టుకుంటే అది ఊడి గొంతులో అడ్డుపడవచ్చు. పది నిమిషాలు నొక్కినా రక్తం ఆగకపోతే ఆసుపత్రికి వెళ్లాలి. పుట్టగానే విటమిన్ కె ఇంజెక్షన్ ఇవ్వని బిడ్డ అయితే ఆ సంగతి తప్పకుండా వైద్యులకు చెప్పాలి. రక్తం గడ్డకట్టడానికి ఆ విటమిన్ అవసరం, పసిబిడ్డల ఒంట్లో దాని నిల్వలు బాగా తక్కువ. రెండు మూడు రోజుల తర్వాత గోటి పక్కన ఎర్రబడి, వాచి, చీము కనిపిస్తే దాన్ని చిన్న విషయంగా తీసుకోకూడదు. నెలలోపు బిడ్డకు వచ్చే ఇన్‌ఫెక్షన్ త్వరగా ఒళ్లంతా పాకుతుంది.

గోళ్లను పళ్లతో కొరికి తీసే అలవాటు ఇప్పటికీ ఉంది. పెద్దల నోటిలోని సూక్ష్మజీవులు, పెదవి పుండ్లకు కారణమయ్యే హెర్పిస్ వైరస్ సహా, ఆ చిన్న చీలికలోంచి బిడ్డలోకి చేరవచ్చు. దీన్ని మానేయాలి. గీతలు పడకుండా చేతులకు తొడిగే గుడ్డ సంచులకు ఇంకో చిక్కుంది. లోపల ఊడిన దారం గానీ, తల్లి వెంట్రుక గానీ వేలికి చుట్టుకుని బిగుసుకుంటే వేలికి రక్తం ఆగిపోతుంది. బిడ్డ కారణం లేకుండా గుక్కపట్టి ఏడుస్తుంటే చేతి సంచులు తీసి వేళ్లు, మేజోళ్లు తీసి కాలివేళ్లు చూడాలని శిశువైద్యులు చెప్పేది ఇందుకే.

ఇక లాల పోయడం. కాళ్లు చాపుకుని కూర్చుని, బిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టి, చెంబుతో నీళ్లు పోయడం తెలుగు ఇళ్లలో తరతరాలుగా ఉన్న పద్ధతి. ఒంటి మీద నీళ్లు పడుతున్నంతసేపు హాయిగా ఉన్న బిడ్డ తల మీద పోయగానే కేకలు పెడుతుంది. తలస్నానమంటే పడదని ఇంట్లో అనుకుంటారు. పుట్టిన తొలి నెలల్లో ఆ ఏడుపుకు సాధారణంగా రెండు కారణాలుంటాయి.

మొదటిది పడిపోతున్న భావన. తలకు ఆధారం ఒక్క క్షణం తప్పినా, తల వెనక్కి వాలినా బిడ్డ ఉలికిపడి చేతులు రెండూ బార్లా చాచి, మళ్లీ దగ్గరికి తెచ్చుకుని ఏడుస్తుంది. దీన్ని మోరో ప్రతిచర్య అంటారు. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య ఇది మాయమవుతుంది. తల కడిగేటప్పుడు మనం చేసేది సరిగ్గా దీన్ని రేపే పనే, తలను వెనక్కి వంచి, ఒక చేతిని చెంబు కోసం తీస్తాం.

రెండోది చలి. పసిబిడ్డ ఒంటి చర్మంలో దాదాపు ఐదో వంతు తల మీదే ఉంటుంది. పెద్దవాళ్లలో అది పదో వంతు కూడా ఉండదు. తడి తల ఎంత వేడిని లాగేస్తుందో 3 కిలోల బిడ్డను తీసుకుని లెక్క వేయవచ్చు. స్నానం తర్వాత జుట్టులోనూ, తల చర్మం మీదా రెండు టీస్పూన్లు, అంటే 10 గ్రాముల నీరు మిగిలిందనుకుందాం. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 2,400 జౌళ్ల వేడి కావాలి. పది గ్రాములకు 24,000 జౌళ్లు. విశ్రాంతిగా ఉన్న పసిబిడ్డ శరీరం కిలోకు దాదాపు 2 వాట్ల చొప్పున, మొత్తం 6 వాట్ల వేడిని తయారు చేస్తుంది. 24,000ను 6తో భాగిస్తే 4,000 సెకన్లు. అంటే ఆ రెండు చెంచాల నీరు ఆరడానికి బిడ్డ గంటకు పైగా తయారుచేసుకున్న వేడంతా ఖర్చు కావచ్చు. నిజానికి కొంత వేడి గదిలోని గాలి నుంచి వస్తుంది కాబట్టి నష్టం ఇంతకంటే తక్కువే ఉంటుంది. అయితే పెద్దల్లా వణికి వేడి పుట్టించుకోవడం పసిబిడ్డకు చేతకాదు, భుజాల మధ్య, మెడ చుట్టూ ఉన్న ప్రత్యేకమైన కొవ్వును కరిగించుకోవలసిందే. పుట్టిన వెంటనే స్నానం చేయించకుండా కనీసం 24 గంటలు ఆగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నదానికి ఒక ముఖ్య కారణం ఇదే. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు ఎప్పటి నుంచి స్నానం చేయించాలో వైద్యులనే అడగాలి.

ఈ రెండు కారణాలూ తెలిశాక తలస్నానం క్రమాన్ని మార్చుకోవచ్చు. ముందు బట్టలు విప్పకుండానే, బిడ్డను పొడి తువ్వాలులో చేతులు లోపలికి ఉండేలా చుట్టాలి. ఒళ్లు మన పక్కకు ఆనుకుని, ముంజేయి వీపు కింద, అరచేయి తల కింద ఉండాలి. ఆ అరచేతిని పని పూర్తయ్యేవరకు తీయకూడదు. చెంబుతో ధారగా పోయడం కంటే మెత్తటి గుడ్డను ముంచి నుదుటి నుంచి వెనక్కి పిండడం నయం, నీరు ముఖం మీదికి రాదు. తల కడగడం అయిపోగానే తుడిచి, ఆరాక, అప్పుడే బట్టలు విప్పి ఒళ్లు కడగాలి. చేతులు చుట్టి ఉండటంతో ఉలికిపాటు తగ్గుతుంది, తడి తలా తడి ఒళ్లూ ఒకేసారి చలికి గురికావు. బొడ్డు ఊడేవరకు ఒళ్లు కడగడానికి బదులు తడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది.

నీటి వేడి 37 నుంచి 38 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. థర్మామీటరు లేకపోతే మోచేతితో చూడాలి. పనులు చేసి మొద్దుబారిన అరచేతికి గోరువెచ్చగా తోచింది పసిచర్మానికి బాగా వేడిగా ఉండవచ్చు. బకెట్లో ముందు చన్నీళ్లు పోసి, తర్వాత వేణ్నీళ్లు కలపడం మంచిది. కళ్లలో సబ్బు పడకుండా చూడటం పసిబిడ్డ విషయంలో మరీ ముఖ్యం. పెద్దలు నిమిషానికి పదిహేను సార్ల వరకు రెప్పలు వేస్తే పసిబిడ్డ రెండు మూడు సార్లకు మించి వేయదు. తొలి వారాల్లో ఏడ్చినా బయటికి కారేంత కన్నీరు కూడా ఉండదు. కంట్లో పడినదాన్ని కడుక్కునే ఏర్పాటు ఇంకా తయారు కాలేదన్నమాట. ఆ నురగ లేకపోయినా నష్టం లేదు, తలకు వారంలో ఒకటి రెండు సార్లు కొద్దిపాటి పసిపిల్లల షాంపూ చాలు.

మాడు మెత్తగా ఉందని దాని మీద చేయి వేయడానికే భయపడేవారున్నారు. దాని కింద గట్టి పొర ఉంటుంది, మామూలుగా కడిగితే ఏమీ కాదు. ఆ భయంతో అక్కడ కడగకుండా, పైన ఆముదం పెట్టి వదిలేస్తే పసుపురంగు జిడ్డు పొలుసులు పేరుకుంటాయి. కడగడానికి కాసేపటి ముందు కొద్దిగా నూనె రాసి, పొలుసులు మెత్తబడ్డాక మెత్తటి బ్రష్‌తో తేలిగ్గా దువ్వి, షాంపూతో నూనె మొత్తం పోయేలా కడగాలి. గోటితో గీరితే పుండ్లవుతాయి. ఈ పొలుసులు కొన్ని నెలల్లో వాటంతటవే పోతాయి. జుట్టు ఆరడానికి సాంబ్రాణి పొగ వేసే ఆచారాన్ని మాత్రం వదులుకోవడమే మేలు. పొగలోని సూక్ష్మకణాలు ఆ చిన్న ఊపిరితిత్తుల్లోకే చేరతాయి. జుట్టు ఆరబెట్టే పని పొడి నూలు గుడ్డ చేస్తుంది.

ఏడాది దాటిన పిల్లల సంగతి వేరు. అప్పటికి మోరో ప్రతిచర్య ఉండదు, ఉండేది జ్ఞాపకం. ఒకసారి నీరు ముక్కులోకి పోయి ఉక్కిరిబిక్కిరైతే తర్వాత చెంబు కనిపించినా ఏడుపే. చేతులు గట్టిగా పట్టుకుని గబగబా పోసేస్తే ఆ జ్ఞాపకం ఇంకా గట్టిపడుతుంది. కొన్ని రోజులు షాంపూ మానేసి తడిగుడ్డతోనే తల తుడవాలి. బిడ్డ చేతికి చిన్న గిన్నె ఇచ్చి, బొమ్మ తల మీద, మన చేతి మీద నీళ్లు పోయనివ్వాలి. పోయబోయే ముందు ప్రతిసారీ ఒకే మాట చెప్పాలి, గోడ మీద ఎత్తులో ఏదైనా చూపించి తల పైకెత్తేలా చేయాలి. ఎప్పుడు పడుతుందో తెలిసిన నీటికి పిల్లలు అంతగా భయపడరు. రెండు మూడు వారాలు పట్టవచ్చు.

చెవుల విషయంలో చేయాల్సింది చాలా తక్కువ. చెవి రంధ్రంలోని చర్మం కర్ణభేరి దగ్గర నుంచి బయటికి మెల్లగా జరుగుతూ ఉంటుంది. దాని వేగం కూడా ఇంచుమించు గోరు పెరిగే వేగమే, రోజుకు 0.1 మిల్లీమీటరుకు దగ్గరగా. గులిమిని, దానిలో చిక్కుకున్న దుమ్మును ఈ చర్మమే బయటికి మోసుకొస్తుంది. ఇయర్ బడ్ పెట్టడమంటే బయటికి వస్తున్నదాన్ని వెనక్కి తోయడమే. పసిబిడ్డ చెవి రంధ్రం పొట్టిది, బడ్ కర్ణభేరికి తగలడానికి ఎక్కువ దూరం అక్కర్లేదు. నూనె పోయడం వల్ల కూడా లాభం లేదు, తేమ నిలిచే చోట బూజు జాతి ఇన్‌ఫెక్షన్లు చేరతాయి. బయటి చెవి మడతలనూ, కక్కిన పాలు చేరే చెవి వెనుక భాగాన్నీ తడిగుడ్డతో తుడిచి ఆరబెడితే చెవి పని అయిపోయినట్టే. చెవి నుంచి చీము, రక్తం, దుర్వాసన వస్తే మాత్రం అది శుభ్రతకు సంబంధించిన సమస్య కాదు, వైద్యులకు చూపించాలి.

ముక్కు సంగతి ఇంత తేలిక కాదు. తొలి నెలల్లో బిడ్డ ఎక్కువగా ముక్కుతోనే ఊపిరి తీస్తుంది, నోటితో పీల్చడం ఇంకా సరిగా అలవడదు. గొట్టం వ్యాసార్ధం సగానికి తగ్గితే, నింపాదిగా సాగే ప్రవాహానికి దానిలో నిరోధం పదహారు రెట్లవుతుందని భౌతికశాస్త్రం చెబుతుంది. ముక్కు నున్నటి గొట్టం కాదు కాబట్టి లెక్క అచ్చంగా అంతే ఉండదు గానీ, పెద్దవాళ్లకు తెలియని సన్నటి చీమిడి పొర పసిబిడ్డకు ఎందుకు గురగుర శబ్దం తెప్పిస్తుందో దీన్నిబట్టి అర్థమవుతుంది. బిడ్డ హాయిగా పాలు తాగుతూ, నిద్రపోతూ ఉంటే ఆ శబ్దానికి ఏమీ చేయనక్కర్లేదు. తరచూ తుమ్మడం జలుబు కాదు, ముక్కు తనను తాను శుభ్రం చేసుకునే తీరు.

పాలు తాగలేకపోతున్నప్పుడు మాత్రం సాయం కావాలి. మందుల దుకాణంలో దొరికే సెలైన్ ముక్కు చుక్కలు పాలు పట్టడానికి పది పదిహేను నిమిషాల ముందు ఒక్కో రంధ్రంలో ఒకటి రెండు చుక్కలు వేయాలి. ఒక నిమిషం ఆగితే గట్టిపడిన చీమిడి మెత్తబడుతుంది. తర్వాత మెత్తటి గుడ్డ కొసను పురిపెట్టి రంధ్రం అంచు దగ్గరికి వచ్చినదాన్ని తుడిస్తే చాలు. రబ్బరు బల్బుతో లాగేటట్టయితే ముందు బల్బును నొక్కి, ఆ తర్వాత కొసను రంధ్రం అంచున పెట్టి, మెల్లగా వదలాలి. అదేపనిగా లాగితే లోపలి పొర వాచి ముక్కు ఇంకా మూసుకుపోతుంది. పెద్దలు వాడే ముక్కుదిబ్బడ మందు చుక్కలు పసిబిడ్డకు వేయకూడదు.

అన్నిటికంటే ప్రమాదకరమైనది లాల పోశాక ముక్కులో నూనె చుక్కలు వేయడం. నీళ్లు శ్వాసనాళంలోకి పోతే బిడ్డ దగ్గుతుంది. నూనెకు ఆ దగ్గు సరిగా రాదు. అది నాళం గోడలను తాకి చప్పుడు లేకుండా ఊపిరితిత్తుల్లోకి జారిపోతుంది. అక్కడి రక్షణ కణాలు దాన్ని మింగుతాయి గానీ అరిగించలేవు. క్రమంగా లిపాయిడ్ న్యుమోనియా అనే జబ్బు వస్తుంది. దక్షిణ భారతదేశంలో ముక్కులో నూనె వేసిన పిల్లల్లో ఈ జబ్బును వైద్యులు 1970ల నుంచే నమోదు చేస్తూ వచ్చారు. నోటితో ముక్కులోకి, చెవుల్లోకి ఊదడం వల్ల పెద్దల ఉమ్మిలోని క్రిములు లోపలికి చేరతాయి.

ముక్కు పట్టేసిందా, ఊపిరితిత్తులకే ఇబ్బందా అని సందేహం వస్తే బిడ్డ పొట్ట కదలికలు లెక్కపెట్టాలి. పసిబిడ్డ ఊపిరి ఒకసారి వేగంగా, ఒకసారి ఆగి ఆగి సాగుతుంది. అందుకే పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో గుణించకుండా పూర్తిగా ఒక నిమిషం చూడాలి. బిడ్డ ప్రశాంతంగా ఉన్నప్పుడు రెండుసార్లు లెక్కపెట్టినా 60 గానీ అంతకంటే ఎక్కువ గానీ వచ్చినా, ఊపిరి తీసేటప్పుడు పక్కటెముకల కింద లోతుగా గుంట పడుతున్నా, పాలు తాగడం మానేసినా, పెదవులు నీలంగా మారినా సెలైన్ చుక్కలతో కాలయాపన చేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.